సైన్సు వ్యాసంలో ‘చేయబడినది’, ‘జరిగింది’ వదిలించుకోవడం: వాక్యం వాక్యంగా దిద్దే పద్ధతి

తెలుగులో సైన్సు వ్యాసాలు, ప్రాజెక్టు రిపోర్టులు రాసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: “మా గైడ్ చదివి అర్థం కావట్లేదు అన్నారు. తప్పులేమీ లేవు. మరి ఏం మార్చాలి?” ఆ వ్యాసం తెరిచి చూస్తే దాదాపు ప్రతిసారీ కనిపించేది ఒకటే. వాక్యంలో జరిగిన పనంతా నామవాచకాల్లో ఇరుక్కుపోయి ఉంటుంది. చివర క్రియ ఉండాల్సిన చోట ‘నిర్వహించబడినది’ అనో ‘చేయడం జరిగింది’ అనో ఒక ఖాళీ మాట ఉంటుంది.

దాన్ని ఎలా దిద్దాలో ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. కింది పేరా అభ్యాసం కోసం నేను అల్లినది. అందులోని విషయం, తర్వాత నేను చేర్చే అంకెలు ఏ నిజమైన అధ్యయనంలోవీ కావు. ఇలాంటి వాక్యాలు మాత్రం మీరు చాలా చూసి ఉంటారు.

> అధ్యయన ప్రాంతంలోని ఎంపిక చేయబడిన గ్రామాల యొక్క బోరుబావుల నుండి సేకరించబడిన భూగర్భజల నమూనాలలోని ఫ్లోరైడ్ గాఢత యొక్క నిర్ధారణ అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ పద్ధతి ద్వారా నిర్వహించబడినది. నమూనాల యొక్క సేకరణ కొరకు పాలిథిన్ సీసాల వినియోగం చేయడం జరిగింది. మాపనానికి పూర్వం నమూనాలకు సమాన ఘనపరిమాణంలో టిసాబ్ ద్రావణం యొక్క చేర్పు గావించబడి, మిశ్రమం యొక్క నిరంతర కలయిక నిర్వహించబడినది. పటిక మోతాదులోని పెరుగుదలతో శుద్ధి చేయబడిన నీటిలోని ఫ్లోరైడ్ గాఢతలో తగ్గుదల గమనించబడినది. అయితే అధిక మోతాదుల వద్ద నీటి ఆమ్లత్వంలో పెరుగుదల సంభవించడం జరిగింది. అనేక నమూనాలు అనుమతించదగిన పరిమితిని మించినట్లు గుర్తించబడినది.

## 1. దిద్దే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

మొదట ల్యాబ్ నోట్‌బుక్. భాష దిద్దడానికి అదెందుకు అనుకోకండి. ‘చేయబడినది’ని ‘చేశాం’గా మార్చగానే ఎవరు, ఎన్ని, ఎప్పుడు, ఎంత అనే ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వాటికి జవాబు మీ జ్ఞాపకంలో వెతక్కూడదు, నోట్‌బుక్‌లో వెతకాలి.

రెండోది, వ్యాసం యూనికోడ్‌లో ఉన్న కాపీ. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన ఫైల్లో తెలుగు మాటలు వెతికితే దొరకవు. ముందు దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకుని, మారేటప్పుడు చెడిపోయిన ఒత్తులు సరిచేసుకోండి.

మూడోది, ప్రింటు తీసిన కాగితం, రెండు రంగుల పెన్నులు. తెర మీద చదివితే కన్ను జారిపోతుంది. మొదటి రెండు మూడు వ్యాసాలకైనా కాగితం మీదే చేయండి.

ఇక Ctrl+F నొక్కి ఈ ముక్కలు వెతికి ఒక రంగుతో గుర్తు పెట్టండి:

- బడిన, బడింది, బడును, బడుతుంది, బడి
- చేయడం జరిగింది, చేయడమైనది, గావించ, నిర్వహించ
- యొక్క
- సంభవించ, గమనించబడ, గుర్తించబడ

దొరికినవన్నీ తప్పులేం కావు. ఎక్కడ ఆగి చూడాలో తెలియడానికి మాత్రమే ఈ గుర్తులు. ‘నిలబడింది’, ‘పొరబడింది’, ‘కనబడింది’ లాంటివి కూడా ఈ వలలో పడతాయి. అవి కర్మణి ప్రయోగాలు కావు, మంచి తెలుగు క్రియలు. వాటి జోలికి వెళ్లకండి. అందుకే ‘రీప్లేస్ ఆల్’ ఎప్పుడూ నొక్కకూడదు.

## 2. అసలు పని ఏ మాటలో దాక్కుందో పట్టుకోండి

రెండో రంగు పెన్ను తీసుకుని, ప్రతి వాక్యంలో నిజంగా జరిగిన పనిని చెప్పే మాట కింద గీత గీయండి. మన పేరాలో మొదటి వాక్యం చూడండి. చివరి క్రియ ‘నిర్వహించబడినది’. కానీ ల్యాబ్‌లో ఎవరూ ‘నిర్వహించడం’ అనే పని చేయలేదు. గ్రామాలు *ఎంచుకున్నారు*, నీళ్లు *పట్టారు*, ఫ్లోరైడ్ *కొలిచారు*. మూడు పనులు. ఆ మూడూ ‘ఎంపిక’, ‘సేకరించబడిన’, ‘నిర్ధారణ’ అనే మాటల్లో దాక్కున్నాయి.

వాక్యం మరీ పొడవుగా ఉండి పని దొరకకపోతే, చివరి నుంచి వెనక్కి చదవండి. తెలుగులో బరువంతా చివరికి చేరుతుంది. చివర ఖాళీ క్రియ ఉంటే, అసలు పని సాధారణంగా దానికి దగ్గర్లో ఉన్న నామవాచకంలోనే దొరుకుతుంది: ‘వినియోగం చేయడం జరిగింది’లో వాడటం, ‘చేర్పు గావించబడి’లో కలపడం, ‘కలయిక నిర్వహించబడినది’లో కలియబెట్టడం.

ఇలా దొరికిన పనులను మార్జిన్‌లో మామూలు క్రియలుగా రాసుకోండి. మన పేరాకి ఆ జాబితా ఇంతే: ఎంచుకున్నాం, పట్టాం, కలిపాం, కలియబెట్టాం, కొలిచాం, తగ్గింది, పెరిగింది, మించాయి. పేరా మొత్తం ఈ ఎనిమిది మాటల మీద నిలబడుతుంది.

## 3. ఆ పని ఎవరు చేశారో రాసుకోండి

మార్జిన్‌లోని ప్రతి క్రియ పక్కన కర్తను రాయండి. మొదటి ఐదింటికి కర్త మీరే. తగ్గింది ఫ్లోరైడ్, పెరిగింది ఆమ్లత్వం, మించినవి నమూనాలు.

ఇక్కడే చాలామందికి టెన్షన్. “సైన్సు వ్యాసంలో ‘మేము’ అని రాయకూడదట కదా?” అంటారు. మీ పత్రిక లేదా విభాగం నియమం అదే అయితే గొడవ పడాల్సిన అవసరం లేదు. తెలుగు క్రియే కర్తను మోస్తుంది. ‘కొలిచాం’ అంటే చాలు, కొలిచింది ఎవరో తెలిసిపోతుంది. ‘మేము’ అనే మాట మొదటి వాక్యంలో ఒకసారి రాసినా సరే, అసలు రాయకపోయినా సరే. ఒక్కరే రాసిన వ్యాసమైతే ‘కొలిచాను’ అనండి.

“మరి నాకు నమూనా ముఖ్యం, నేను కాదు. అందుకే కర్మణి వాడాను” అనేది రెండో వాదన. ఇది ఇంగ్లిషు నుంచి వచ్చిన అలవాటు. ఆ భాషలో కర్మను వాక్యం ముందుకు తేవాలంటే వాక్యాన్నే కర్మణిలోకి తిప్పాలి. మనకు ఆ అవసరం లేదు. ‘నమూనాలను పాలిథిన్ సీసాల్లో పట్టాం’ అన్నప్పుడు నమూనాలే ముందున్నాయి, వాటి గురించే మాట్లాడుతున్నాం. విభక్తి ఉంది కాబట్టి మాటను ఎక్కడ పెట్టినా అర్థం చెడదు.

కర్త ఎవరో తెలియకపోతే, లేదా అందరికీ వర్తించే మాటైతే, ‘-ఆరు’, ‘-తారు’ రూపం ఉంది. ‘పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తొలగించే ఈ పద్ధతి నల్గొండ పద్ధతిగా పిలువబడుచున్నది’ అనక్కర్లేదు. ‘దీన్ని నల్గొండ పద్ధతి అంటారు’ చాలు.

## 4. ‘బడు’ను తీసే నాలుగు దారులు

గుర్తు పెట్టిన ప్రతి ‘బడు’ దగ్గరా ఈ వరుసలోనే ప్రయత్నించండి.

మొదటి దారి: ఊరికే తీసేయండి. నామవాచకానికి ముందు వచ్చే ‘-బడిన’ చాలాసార్లు అనవసరం. ‘సేకరించబడిన నమూనాలు’ అంటే ‘సేకరించిన నమూనాలు’. ‘శుద్ధి చేయబడిన నీరు’ అంటే ‘శుద్ధి చేసిన నీరు’. నమూనాలు వాటంతట అవి ఏమీ సేకరించవు కాబట్టి ఎవరూ పొరబడరు. మీ వ్యాసంలో ‘బడు’ల్లో పెద్ద వాటా ఈ ఒక్క దారిలోనే పోతుంది.

రెండో దారి: జంట క్రియ వాడండి. తెలుగులో చాలా క్రియలు జంటలుగా ఉంటాయి: మారు–మార్చు, తగ్గు–తగ్గించు, పెరుగు–పెంచు, కరుగు–కరిగించు. జరిగిన మార్పు ముఖ్యమైనప్పుడు జంటలో మొదటిది తీసుకోండి. ‘ఫ్లోరైడ్ గాఢత తగ్గించబడినది’ అంటే ‘ఫ్లోరైడ్ తగ్గింది’. ‘ద్రావణం రంగు మార్చబడుతుంది’ అంటే ‘ద్రావణం రంగు మారుతుంది’.

మూడో దారి: ‘-ఆం’ చేర్చండి. పని చేసింది మీరైతే ‘కొలిచాం’, ‘కలిపాం’.

నాలుగో దారి: ‘-ఆరు’, ‘-తారు’ వాడండి. పైన చెప్పిన ‘అంటారు’ లాంటివి.

ఈ నాలుగూ కుదరని చోట ‘బడు’ ఉంచేయండి. అలాంటి చోటు ఒకటి తరచూ వస్తుంది. ‘తొలగించిన పదార్థం’ అన్నప్పుడు ఆ పదార్థం దేన్నో తొలగించిందా, లేక దాన్నే ఎవరో తొలగించారా? రెండు అర్థాలూ వస్తాయి. మొదటి దారిలో కళ్లు మూసుకుని వెళితే పడే గుంట ఇదే. అక్కడ కర్తనో కర్మనో పక్కన చెప్పేస్తే సరిపోతుంది: ‘పటిక తొలగించిన ఫ్లోరైడ్’, ‘ఫ్లోరైడ్‌ను తొలగించిన పటిక’. అలా చెప్పడానికి వీల్లేకపోతే ‘తొలగించబడిన’ అనే రాయండి, తప్పేమీ లేదు.

## 5. నామవాచకాల గొలుసు విప్పడం

‘నమూనాలలోని ఫ్లోరైడ్ గాఢత యొక్క నిర్ధారణ’ చూడండి. దీన్ని విప్పడానికి నేను వాడే చిట్కా ఒకటే: గొలుసును ప్రశ్నగా మార్చడం. ఏం తెలుసుకోవాలనుకున్నారు? నమూనాల్లో ఫ్లోరైడ్ ఎంతుందో. ఎలా తెలుసుకున్నారు? ఎలక్ట్రోడ్‌తో కొలిచి. అంతే, వాక్యం వచ్చేసింది: ‘నమూనాల్లో ఫ్లోరైడ్ ఎంతుందో అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచాం.’

‘యొక్క’ను తీసేసి చదవండి. ‘మిశ్రమం యొక్క రంగు’ను ‘మిశ్రమం రంగు’ అన్నా ఏమీ పోలేదు. ‘యొక్క’ తీస్తే వాక్యం కూలిపోయిందంటే, అక్కడ ఒక క్రియను నామవాచకం చేశారని అర్థం. ‘ద్రావణం యొక్క చేర్పు’ అలాంటిదే. అక్కడ ‘ద్రావణం కలిపాం’ అని క్రియను తిరిగి తేవాలి.

‘పెరుగుదలతో తగ్గుదల’ లాంటి జంటలకు మనకు ‘కొద్దీ’ ఉంది. ‘పటిక మోతాదు పెంచేకొద్దీ ఫ్లోరైడ్ తగ్గింది.’

ఒక హద్దు ఉంది. కొన్ని గొలుసులు పేర్లు. ‘అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్’ను ‘అయాన్లను ఎంచుకునే ఎలక్ట్రోడ్’ అని విప్పితే చదివేవాడు అది వేరే పరికరమేమో అనుకుంటాడు. ‘గాఢత’, ‘ద్రావణీయత’ కూడా కొలతల పేర్లు. ఈ మాట వ్యాసంలో నాలుగైదుసార్లు ఒకే అర్థంలో వస్తుందా, పాఠ్యపుస్తకంలోనూ ఇదే రూపంలో ఉందా అని చూసుకోండి. అవును అయితే దాన్ని ముట్టుకోవద్దు.

## 6. వాక్యాన్ని ఎక్కడ విరవాలి

కర్త మారిన చోట విరవండి. అది మొదటి నియమం. తర్వాత, పనులు మూడు దాటిన చోట విరవండి.

‘తీసి, కలిపి, కొలిచాం’ అనే వరుస తెలుగుకు సహజం, చదవడానికి హాయి. కానీ ఇందులో ఒక షరతు ఉంది: ‘-ఇ’తో ముగిసిన ప్రతి పనికీ చివరి క్రియకీ కర్త ఒక్కటే కావాలి. ‘చేయబడి’ వాడినన్నాళ్లూ ఈ షరతు తప్పినా కనిపించదు. కర్తరిలోకి మార్చగానే బయటపడుతుంది. ‘నమూనాలు గది ఉష్ణోగ్రతకు చేరి, టిసాబ్ కలిపాం’ అంటే చేరింది నమూనాలు, కలిపింది మనం. వాక్యం కుంటుతుంది. ‘నమూనాలు గది ఉష్ణోగ్రతకు చేరాక టిసాబ్ కలిపాం’ అనాలి. కర్తలు వేరైతే ‘-ఆక’, ‘-గానే’, ‘-తే’ వాడండి, లేదా రెండు వాక్యాలు చేయండి.

అలాగని అన్నీ ముక్కలు చేయకండి. ‘నీళ్లు పట్టాం. టిసాబ్ కలిపాం. కలియబెట్టాం. కొలిచాం.’ అని రాస్తే ఏది దేనికోసమో తెలియదు. కలియబెడుతూ కొలవడం ఒకే పని కాబట్టి ‘కలియబెడుతూ కొలిచాం’ అని కలిపే ఉంచాలి.

## 7. దిద్దిన పేరా

నోట్‌బుక్ తెరిచి, ఖాళీలు నింపి రాస్తే మన పేరా ఇలా వస్తుంది:

> మేం 12 గ్రామాల్లో తాగడానికి వాడుతున్న బోరుబావులను గ్రామానికి రెండు చొప్పున ఎంచుకున్నాం. నీటి నమూనాలను పాలిథిన్ సీసాల్లో పట్టాం. కొలిచే ముందు ప్రతి నమూనాకూ అంతే ఘనపరిమాణంలో టిసాబ్ ద్రావణం కలిపాం. మిశ్రమాన్ని ఆపకుండా కలియబెడుతూ, ఫ్లోరైడ్ ఎంతుందో అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచాం. పటిక మోతాదు పెంచేకొద్దీ శుద్ధి చేసిన నీటిలో ఫ్లోరైడ్ తగ్గింది. అయితే ఎక్కువ మోతాదుల దగ్గర నీటి పీహెచ్ 8.0 నుంచి 7.2కి పడిపోయింది. శుద్ధికి ముందు 24 నమూనాల్లో 15 లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించాయి.

కొత్తగా వచ్చిన సమాచారం చూడండి. ‘ఎంపిక చేయబడిన గ్రామాలు’ 12 గ్రామాలయ్యాయి, వాటిలో బావులను ఎలా ఎంచుకున్నారో తెలిసింది. ‘అనేక’ 15 అయింది. చివరి వాక్యంలో ఇంకా పెద్ద సంగతి ఉంది. మన తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ఫ్లోరైడ్‌కు రెండు అంకెలు చెబుతుంది: లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. ‘పరిమితిని మించినట్లు గుర్తించబడినది’ అన్నప్పుడు ఏ పరిమితో రాసినవాళ్లకే స్పష్టంగా లేకపోవచ్చు. కర్తను, కర్మను విడిగా రాసుకునేటప్పుడు అది అడగక తప్పదు.

టిసాబ్ ఎందుకు కలిపారో కూడా ఒక వాక్యం చేరిస్తే మంచిది. ఫ్లోరైడ్‌ను పటికలోని అల్యూమినియం పట్టుకుని ఉంచుతుంది, ఎలక్ట్రోడేమో విడిగా ఉన్న ఫ్లోరైడ్ అయాన్లనే చూస్తుంది. టిసాబ్ ఆ పట్టు విడిపించి, పీహెచ్‌ను, అయాన్ల బలాన్ని అన్ని నమూనాల్లోనూ ఒకే స్థాయిలో ఉంచుతుంది. ‘చేర్పు గావించబడి’లో ఈ కారణానికి చోటే లేదు. ‘కలిపాం’ అనగానే ‘ఎందుకంటే’ అని కొనసాగించడం తేలికవుతుంది.

## 8. దిద్దేటప్పుడు జరిగే తప్పులు, వాటి మందు

మాట బలం పెంచేయడం. పై పేరాలో ‘ఆమ్లత్వంలో పెరుగుదల’ను మొదట నేను ‘నీరు ఆమ్లంగా మారింది’ అని రాసుకున్నాను. చదవడానికి చక్కగా ఉంది, కానీ తప్పు. పీహెచ్ 7.2 అంటే నీరు ఇంకా ఆమ్లం కాలేదు. సూటిగా రాయాలన్న తొందరలో ఇలాంటివి దొర్లుతాయి. మందు: ఫలితం చెప్పే ప్రతి వాక్యాన్నీ దాని అంకె పక్కన పెట్టి చదవండి.

ఇలాంటిదే ఇంకొకటి. ‘సంబంధం ఉన్నట్లు గమనించబడినది’ని ‘దీనివల్ల అది జరిగింది’గా మార్చకూడదు. మోతాదును మీరే పెంచి చూశారు కాబట్టి ‘పెంచేకొద్దీ తగ్గింది’ అనవచ్చు. ఊరి బావుల్లో లోతు, ఫ్లోరైడ్ రెండూ కొలిచి పోల్చారంతే అయితే, ‘లోతైన బావుల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంది’ దగ్గరే ఆగాలి.

వేరేవాళ్ల పనిని మీ ఖాతాలో వేయడం. ఒకరి వ్యాసం దిద్దుతూ నేను ‘గమనించబడినది’లన్నిటినీ ‘గమనించాం’ చేసేశాను. రచయిత చూసి కంగారుపడ్డారు. వాటిలో రెండు పరిశీలనలు అంతకుముందు ఇతరులు ప్రచురించినవి. కర్మణి వాక్యంలో ఆ తేడా లేదు, నేను అడగలేదు. అప్పటి నుంచి ‘గమనించబడినది’, ‘గుర్తించబడినది’, ‘నివేదించబడినది’ కనిపిస్తే పక్కన ‘ఎవరు?’ అని రాసి రచయితనే అడుగుతున్నాను. మీ వ్యాసం మీరే దిద్దుకుంటున్నా ఆ ప్రశ్న రాసుకోండి.

ఖాళీని ఊహతో నింపడం. నోట్‌బుక్‌లో ఎన్ని బావులో లేకపోతే అంకె కల్పించకూడదు, మళ్లీ ‘ఎంపిక చేయబడిన’ వెనక దాచనూ కూడదు. ‘ఎన్ని బావుల నుంచి పట్టామో విడిగా నమోదు చేయలేదు’ అని రాయండి.

వాడుక మాట కోసం పరిమాణం పోగొట్టడం. ‘సమాన ఘనపరిమాణంలో’ను ‘సమానంగా’ అని కుదిస్తే, బరువులో సమానమా ఘనపరిమాణంలోనా అన్నది పోతుంది. చిన్న మాట దొరికినప్పుడల్లా ఇలాంటిది పోయిందేమో చూడండి.

## 9. పంపే ముందు

పైకి చదవండి. ఊపిరి ఆపుకుంటే తప్ప పూర్తికాని వాక్యం ఉంటే అక్కడ కర్త మారిందేమో చూడండి. ల్యాబ్‌లో మీతో పనిచేయని స్నేహితుడికి పద్ధతుల భాగం ఒక్కటే ఇచ్చి, చూడకుండా వరసగా చెప్పమనండి. ఎక్కడ తడబడితే అక్కడ ఇంకా ఒక పని నామవాచకంలో దాగి ఉందన్నమాట. తర్వాత ఈ జాబితా:

- [ ] ప్రతి వాక్యం చివరి క్రియ నిజంగా జరిగిన పనినే చెబుతోందా?
- [ ] మిగిలిన ప్రతి ‘బడు’ దగ్గరా, అది ఎందుకు ఉండాలో చెప్పగలరా?
- [ ] ‘యొక్క’ తీసేసి చదివి చూశారా?
- [ ] ‘-ఇ’ వరుసల్లో కర్త ఒక్కరేనా?
- [ ] ‘గమనించాం’ అన్నవన్నీ మీరు గమనించినవేనా?
- [ ] ‘అనేక’, ‘కొన్ని’, ‘ఎంపిక చేసిన’ పక్కన అంకె వచ్చిందా?
- [ ] ఫలితాల వాక్యాలను పట్టికలోని అంకెలతో పోల్చారా?
- [ ] పాత కాపీ విడిగా దాచుకున్నారా? గైడ్ ఏదైనా వాక్యం గురించి అడిగితే రెండూ పక్కపక్కన పెట్టి చూపించాలి.